గిటార్ పెడల్ బోర్డుకి డైసీ చైన్ చాలా, ఐసొలేటెడ్ సప్లై కావాలా?

బోర్డు మీద మూడు నాలుగు అనలాగ్ పెడళ్ళే ఉంటే డైసీ చైన్ చాలు. వాటి పక్కన డిజిటల్ డిలేనో రివర్బో చేరి, అదే వరుసలో గెయిన్ బాగా పెంచిన డిస్టార్షన్ కూడా ఉంటే, ఆ డిజిటల్ పెడల్‌కి కరెంటు విడిగా ఇవ్వాలి. బోర్డు మొత్తానికీ ఖరీదైన ఐసొలేటెడ్ సప్లై అవసరమయ్యేవాళ్ళు నిజానికి తక్కువమంది. చాలామంది పెడళ్ళు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి సప్లై కొంటారు. నా ఉద్దేశంలో చూడాల్సింది పెడళ్ళ సంఖ్య కాదు, ఏ పెడల్ ఏ పెడల్‌తో ఒకే తీగ పంచుకుంటోందన్నది.

డైసీ చైన్ అంటే ఒకే 9 వోల్టుల అడాప్టర్ నుంచి బయల్దేరిన తీగకి వరుసగా ఐదో ఎనిమిదో పిన్నులు ఉండే కేబుల్. వందల రూపాయల్లో వస్తుంది. ఐసొలేటెడ్ సప్లైలో ప్రతి అవుట్‌పుట్‌కీ దాని సొంత ట్రాన్స్‌ఫార్మర్ చుట్టో, సొంత కన్వర్టరో ఉంటుంది. ఒక అవుట్‌పుట్ నెగెటివ్‌కీ ఇంకో అవుట్‌పుట్ నెగెటివ్‌కీ పెట్టె లోపల ఏ సంబంధమూ ఉండదు. ఇది వేల రూపాయల్లో ఉంటుంది. ఈ రెండింటి మధ్య ఇంకో దారి ఉంది, దాని సంగతి తర్వాత.

నాయిస్ ఎక్కడి నుంచి వస్తుంది

పెడళ్ళన్నిటినీ ప్యాచ్ కేబుళ్ళతో కలిపినప్పుడు ఆ కేబుళ్ళ పైపొర, అంటే షీల్డ్, ఒక పెడల్ గ్రౌండ్‌ని పక్క పెడల్ గ్రౌండ్‌కి కలుపుతుంది. డైసీ చైన్ పెట్టామంటే దాని నెగెటివ్ తీగ కూడా అవే గ్రౌండ్లని రెండోసారి కలుపుతుంది. అంటే పెడల్ నుంచి అడాప్టర్‌కి తిరిగి వెళ్ళే కరెంటుకి ఒకటికి రెండు దారులు. కొంత నెగెటివ్ తీగలో పోతుంది, కొంత ప్యాచ్ కేబుల్ షీల్డ్‌లో పోతుంది. చిక్కంతా ఈ రెండో దారితోనే, ఎందుకంటే గిటార్ సిగ్నల్‌కి ఆధారం ఆ షీల్డే.

అనలాగ్ ఓవర్‌డ్రైవ్ కరెంటుని నిలకడగా, అదీ చాలా తక్కువగా తీసుకుంటుంది. అందుకే నాలుగు ఓవర్‌డ్రైవ్‌లు ఒకే చైన్ మీద ఉన్నా గొడవ ఉండదు. డిజిటల్ పెడల్ అలా కాదు. లోపలి ప్రాసెసరు, క్లాకు కరెంటుని క్షణక్షణానికీ ఎక్కువ తక్కువలుగా లాగుతాయి. పక్కింటివాళ్ళు బోరు మోటారు వేయగానే మనింట్లో బల్బు ఒక్క క్షణం మందగిస్తుంది చూడండి, ఇక్కడ జరిగేదీ అదే. తేడా ఏమిటంటే ఇది సెకనుకి వేలసార్లు జరుగుతుంది కాబట్టి కంటికి కాకుండా చెవికి తెలుస్తుంది.

చిన్న లెక్క వేద్దాం. చైన్‌లో అందరూ పంచుకునే నెగెటివ్ తీగ, పిన్నుల అతుకులు అన్నీ కలిపి 0.1 ఓమ్ అనుకోండి. డిలే పెడల్ లాగే కరెంటు 50 మిల్లీ ఆంపియర్ల మేర ఎగుడుదిగుడు అయితే ఆ తీగ మీద 5 మిల్లీ వోల్టుల ఊగు వస్తుంది. అందులో నూరోవంతు, అంటే 0.05 మిల్లీ వోల్టు, సిగ్నల్‌లోకి చొరబడిందనుకుందాం. మామూలుగా అది వినపడదు. కానీ అది డిస్టార్షన్ పెడల్ ఇన్‌పుట్ దగ్గర చేరి, ఆ పెడల్ 500 రెట్లు పెంచేలా పెట్టి ఉంటే 25 మిల్లీ వోల్టులవుతుంది. గిటార్ వాయించకుండా ఊరుకున్నప్పుడు ఆంప్ లోంచి సన్నగా ‘కీ’ మని వినపడేది ఇదే.

ఇక్కడే చాలామంది పొరపడతారు. డిస్టార్షన్ నొక్కగానే చప్పుడు మొదలవుతుంది కాబట్టి తప్పు డిస్టార్షన్‌దే అనుకుని ఆ పెడల్‌ని అమ్మేస్తారు. చప్పుడు పుట్టించేది డిలే, దాన్ని పెంచి వినిపించేది డిస్టార్షన్. డిలే బైపాస్‌లో ఉన్నా ఫలితం మారదు. బైపాస్ చేస్తే సిగ్నల్ పక్కదారిన వెళ్తుందంతే, ప్రాసెసర్ కరెంటు లాగుతూనే ఉంటుంది. వరుసలో డిలే డిస్టార్షన్ తర్వాత ఉన్నా ఇంతే. ఆ రొద వచ్చేది సిగ్నల్ దారిలో కాదు, గ్రౌండ్ దారిలో.

కొనేముందు చెవితో చేసే పరీక్ష

ముందు గిటార్‌ని ఒకే కేబుల్‌తో నేరుగా ఆంప్‌కి పెట్టండి. అప్పుడే గుయ్యిమంటుంటే అది సప్లై గొడవ కాదు. సింగిల్ కాయిల్ పికప్పులు 50 హెర్ట్జ్ హమ్‌ని గాల్లోంచే పట్టుకుంటాయి. గిటార్ పట్టుకుని ఒకసారి గుండ్రంగా తిరిగి చూడండి, తిరిగే కొద్దీ హమ్ పెరుగుతూ తగ్గుతూ ఉంటే పికప్పే కారణం. తీగల మీద చెయ్యి పెట్టగానే హమ్ ఒక్కసారిగా తగ్గిందంటే షీల్డింగు, ఇంటి ఎర్తింగు ఎలా ఉన్నాయో చూసుకోవాలి. ఎంత ఖరీదైన ఐసొలేటెడ్ సప్లై పెట్టినా ఈ రెండింటిలో ఒక్కటీ తగ్గదు.

నేరుగా పెట్టినప్పుడు శుభ్రంగా ఉంటే బోర్డు మొత్తం కలిపి, డిస్టార్షన్ ఆన్ చేసి, గిటార్ వాల్యూమ్ సున్నాకి తిప్పి వినండి. హిస్ అంటే ‘స్‌స్‌’ అనే శబ్దం మాత్రమే ఉంటే అది గెయిన్ వల్ల వచ్చేది, ఏ సప్లై పెట్టినా ఉంటుంది. కీచుమనే సన్నని స్వరం గానీ, టిక్కుటిక్కుమనే చప్పుడు గానీ ఉంటే కరెంటు దారిని అనుమానించాలి. కోరస్, ట్రెమొలో లాంటివాటి రేట్ నాబ్ తిప్పితే టిక్కుల వేగం మారుతుందా చూడండి. డిలే టైమ్ నాబ్ తిప్పితే కీచు స్వరం పైకీ కిందకీ జారుతుందా చూడండి. కొన్ని డిలేల్లో, ముఖ్యంగా పీటీ2399 చిప్‌తో చేసిన చవక డిలేల్లో, నాబ్‌తో పాటే క్లాకు వేగం మారుతుంది. స్వరం నాబ్ వెంట జారిందంటే దొంగ దొరికినట్టే. స్వరం కదలనంత మాత్రాన డిలే నిర్దోషి అని మాత్రం అనుకోవద్దు, చాలా డిజిటల్ పెడళ్ళలో క్లాకు ఒకే వేగంతో నడుస్తుంది.

తర్వాతిదే అసలు పరీక్ష. అనుమానం ఉన్న పెడల్‌కి చైన్ పిన్ను పీకేసి 9 వోల్టుల బ్యాటరీ పెట్టండి. ప్యాచ్ కేబుళ్ళని ముట్టుకోవద్దు. చప్పుడు ఆగిపోతే ఐసొలేషన్ మీకు పనిచేస్తుందని తేలిపోయినట్టే, ఎందుకంటే బ్యాటరీ కన్నా విడిగా ఉండే సప్లై ఇంకోటి లేదు. ఇప్పటి డిజిటల్ పెడళ్ళలో చాలావాటికి బ్యాటరీ గది ఉండదు. అలాంటప్పుడు స్నేహితుడి దగ్గర ఇంకో 9 వోల్టుల అడాప్టర్ అడిగి తెచ్చి ఆ ఒక్క పెడల్‌కి పెట్టి చూడండి.

పీకేసిన పిన్ను విషయంలో ఒక జాగ్రత్త. ఎక్కువ పెడళ్ళు మధ్యలో నెగెటివ్, బయట పాజిటివ్ ఉండే పిన్ను వాడతాయి. అంటే చైన్‌లో ఖాళీగా వేలాడే పిన్ను బయటి లోహం 9 వోల్టుల పాజిటివ్. పెడల్ డబ్బా లోహమేమో గ్రౌండ్. ఆ పిన్ను పోయి ఏ పెడల్ అంచుకి తగిలినా షార్ట్ అవుతుంది. మంచి అడాప్టర్ అయితే తనంతట తాను ఆగిపోయి బోర్డంతా చీకటవుతుంది, చవకది అయితే మాడిపోవచ్చు. ఖాళీ పిన్నులకి రబ్బరు తొడుగు వేయండి, లేదా ఇన్సులేషన్ టేపు చుట్టండి.

ఒక బోర్డు తీసుకుని చూద్దాం

హైదరాబాద్‌లో గానీ గుంటూరులో గానీ చర్చిలోనో కాలేజీ బ్యాండులోనో వాయించేవాళ్ళ దగ్గర మామూలుగా కనిపించే బోర్డు ఇలా ఉంటుంది: బాస్ టీయూ-3 ట్యూనర్, క్రై బేబీ వా, ఐబనేజ్ టీఎస్9, బాస్ డీఎస్-1, బాస్ డీడీ-8 డిలే, టీసీ హాల్ ఆఫ్ ఫేమ్ రివర్బ్. మొత్తం ఆరు.

ముందు కరెంటు లెక్క. ట్యూనర్ మామూలు వెలుగులో 30 మిల్లీ ఆంపియర్లు, ఎక్కువ వెలుగులో 85 తీసుకుంటుంది. వా ఒక మిల్లీ ఆంపియర్ కూడా తీసుకోదు. టీఎస్9, డీఎస్-1 ఒక్కోటీ పది లోపే. డీడీ-8 కి 65, రివర్బ్‌కి 100. అన్నీ కలిపితే 270 దాటదు. 500 మిల్లీ ఆంపియర్ల మామూలు అడాప్టర్ ఈ బోర్డుని హాయిగా మోస్తుంది. అయినా డీఎస్-1 నొక్కితే కీచుమంటుంది. కరెంటు చాలకపోవడం వేరు, రొద రావడం వేరు. చాలకపోతే డిజిటల్ పెడల్ మధ్యలో ఆగి మళ్ళీ మొదలవుతుంది, లేదా లైటు వెలిగినా ధ్వని చీలుతుంది. ఇంకా పెద్ద అడాప్టర్ కొంటే రొద తగ్గుతుందని దుకాణంలో చెప్తే నమ్మకండి. 1,700 మిల్లీ ఆంపియర్ల అడాప్టర్ పెట్టినా తీగ ఒకటే, గ్రౌండ్ దారీ ఒకటే.

ఈ బోర్డుకి నేను చెప్పే సలహా: ట్యూనర్, వా, టీఎస్9, డీఎస్-1 నాలుగూ ఇప్పుడున్న డైసీ చైన్ మీదే ఉండనివ్వండి. డిలేకి ఒక దారి, రివర్బ్‌కి ఒక దారి విడిగా ఇవ్వండి. అంటే కావాల్సింది మూడు ఐసొలేటెడ్ అవుట్‌పుట్లు, ఆరు కాదు. ఐసొలేటెడ్ సప్లైలో ఒక అవుట్‌పుట్‌కి డైసీ చైన్ కేబుల్ తగిలించి అనలాగ్ పెడళ్ళన్నిటినీ దాని మీదే నడపడం పూర్తిగా సబబైన పని. ఇలా చేయడం తక్కువతనం అనుకుని ఎనిమిది అవుట్‌పుట్ల పెట్టె కొనేవాళ్ళని చూస్తుంటాను, ఆ డబ్బుతో ఇంకో మంచి పెడల్ వచ్చేది.

ఒక చిన్న మెలిక ఉంది. చాలా సప్లైల్లో మామూలు అవుట్‌పుట్ ఒక్కోటీ 100 మిల్లీ ఆంపియర్లే ఇస్తుంది. ట్యూనర్ ఎక్కువ వెలుగులో ఉంటే 85, మిగతా మూడూ కలిపి ఇంకో 20, మొత్తం 105. గీత దాటేసింది. ట్యూనర్‌ని మామూలు వెలుగులో పెడితే 50 దగ్గర ఆగిపోతుంది. లేదా ఆ గుంపుని సప్లైలో ఎక్కువ కరెంటు ఇచ్చే అవుట్‌పుట్‌కి మార్చాలి. రివర్బ్ కూడా సరిగ్గా 100 దగ్గరే ఉంది కాబట్టి దానికీ 200 పైన ఇచ్చే అవుట్‌పుట్ చూసుకుంటే టెన్షన్ ఉండదు. అవుట్‌పుట్ ఎక్కువ కరెంటు ఇవ్వగలిగితే పెడల్‌కి ఏమీ కాదు, కావాల్సినంతే తీసుకుంటుంది. వోల్టేజీ మాత్రం సరిగ్గా సరిపోవాలి.

ట్యూనర్ కూడా లోపల డిజిటలే కదా అని అడగొచ్చు. నిజమే. నాలుగూ కలిపాక ఇంకా టిక్కులు వినిపిస్తే తర్వాత విడదీయాల్సింది దాన్నే. చాలా బోర్డుల్లో ఆ అవసరం రాదు.

ఇప్పుడు ముందు చెప్పిన మూడో దారి. ఇంట్లో ఉన్న అడాప్టర్‌తో చైన్ నడుపుతూ, డిలేకీ రివర్బ్‌కీ కలిపి రెండో అడాప్టర్ కొనండి. రెండు అడాప్టర్లూ లోపల ట్రాన్స్‌ఫార్మర్‌తో విడివిడిగా ఉంటాయి కాబట్టి రెండు ఐసొలేటెడ్ అవుట్‌పుట్లు ఉన్నట్టే. డిలే, రివర్బ్ రెండూ డిస్టార్షన్ తర్వాత ఉంటాయి, వాటి తర్వాత పెద్దగా పెంచే పెడల్ ఏదీ ఉండదు, అందుకని ఆ రెండూ ఒకదాని రొద ఒకటి పంచుకున్నా తరచుగా వినపడదు. వినిపిస్తే మూడో అడాప్టర్. అందంగా ఉండదు, జంక్షన్ బాక్సులో ప్లగ్గులు కిక్కిరిసిపోతాయి, స్టేజీ మీద ఎవరి కాలో తగిలి ఊడుతుంది. ఇంట్లో సాధనకి మాత్రం దీన్ని మించిన చవక మార్గం లేదు. ఒక లోపం చెప్పాలి: చవకబారు స్విచింగ్ అడాప్టర్లు కొన్ని తమ రొదని తామే పట్టుకొస్తాయి. తిరిగి ఇచ్చే వీలున్న చోట కొనండి.

చైన్ అసలు పనికిరాని సందర్భాలు

కొన్నిచోట్ల రొద ఎంతన్న ప్రశ్నే లేదు, చైన్ పెట్టకూడదంతే. పాత పద్ధతిలో పీఎన్‌పీ జెర్మేనియం ట్రాన్సిస్టర్లతో చేసిన ఫజ్ పెడళ్ళు పాజిటివ్ గ్రౌండ్‌వి. వాటిలో డబ్బాకీ, ప్యాచ్ కేబుల్ షీల్డ్‌కీ కలిసేది పాజిటివ్. మిగతా పెడళ్ళలో షీల్డ్‌కి కలిసేది నెగెటివ్. ఈ రెండు రకాల్నీ ఒకే చైన్ మీద పెట్టి ప్యాచ్ కేబుల్ గుచ్చిన మరుక్షణం సప్లై రెండు కొసలూ కలిసి షార్ట్ అవుతుంది. ఐసొలేటెడ్ అవుట్‌పుట్‌కి ఏ కొసా గ్రౌండ్‌కి కట్టి ఉండదు కాబట్టి, పెడల్‌కి తగ్గ పోలారిటీ తీగతో దాన్ని ఏ గొడవా లేకుండా నడపొచ్చు. 18 వోల్టులు కావాల్సినవి, ఏసీ కరెంటుతో నడిచేవి చైన్‌కి పనికిరావని వేరే చెప్పక్కర్లేదు. 250, 300 మిల్లీ ఆంపియర్లు తాగే పెద్ద రివర్బ్‌లు రెండు మూడు ఉన్నవాళ్ళు కూడా ఆలోచించకుండా ఐసొలేటెడ్‌కే వెళ్ళాలి. సన్నని చైన్ తీగలో అంత కరెంటు పోతే చివరి పెడల్‌కి చేరేసరికి వోల్టేజీ కూడా తగ్గుతుంది.

పెట్టె మీద రాసిందాన్ని నమ్మొచ్చా

ఆన్‌లైన్‌లో చవకగా దొరికే పది అవుట్‌పుట్ల పెట్టెల్లో కొన్నిటి మీద ‘ఐసొలేటెడ్’ అని రాసి ఉంటుంది, లోపల మాత్రం నెగెటివ్‌లన్నీ ఒకటే. ఒక్కో అవుట్‌పుట్‌కి షార్ట్ సర్క్యూట్ రక్షణ విడిగా ఉండటాన్నే వాళ్ళు ఐసొలేషన్ అంటున్నారు. షార్ట్ అయితే ఒక్క అవుట్‌పుటే ఆగుతుంది, అంతవరకు మంచిదే, కానీ గ్రౌండ్ దారి పంచుకోవడం అలాగే ఉంటుంది. ఇలాంటి పెట్టె అంటే డబ్బాలో పెట్టిన డైసీ చైన్.

తేల్చుకోవడానికి మామూలు మల్టీమీటర్ చాలు. పెట్టెని కరెంటు నుంచి తీసేయండి, పెడళ్ళు ఏవీ తగిలించొద్దు. రెండు అవుట్‌పుట్లకి రెండు తీగలు గుచ్చి, మీటర్‌ని బీప్ వచ్చే కంటిన్యుటీలో పెట్టండి. ఒక మొనని మొదటి పిన్ను మధ్య రంధ్రంలోకి, రెండోదాన్ని రెండో పిన్ను మధ్య రంధ్రంలోకి దూర్చి లోపలి లోహాన్ని తాకించండి. బీప్ వస్తే ఆ రెండూ ఐసొలేటెడ్ కావు. బయటి లోహాల మధ్య మాత్రమే చూసి ఊరుకోకండి. అది పాజిటివ్ కొస, రక్షణ భాగాల వల్ల అక్కడ బీప్ రాకపోవచ్చు, అది చూసి మంచి సరుకేనని మోసపోతాం. అవుట్‌పుట్లని జంటలు జంటలుగా అన్నీ చూడాలి. కొన్ని పెట్టెల్లో రెండో మూడో మాత్రమే నిజంగా విడిగా ఉండి మిగతావి ఒకదానికొకటి కలిసి ఉంటాయి. అలాంటిది కూడా పై బోర్డుకి సరిపోతుంది, ఏవి విడిగా ఉన్నాయో తెలిస్తే చాలు.

అసలైన ఐసొలేటెడ్‌లో రెండు రకాలున్నాయి. ట్రాన్స్‌ఫార్మర్ చుట్లతో చేసినవి బరువుగా, నిశ్శబ్దంగా ఉంటాయి, కానీ చుట్టూ అయస్కాంత క్షేత్రం వెదజల్లుతాయి. వా పెడల్‌లో ఇండక్టర్ ఉంటుంది కాబట్టి సరిగ్గా దాని కిందే సప్లై బిగిస్తే వా నొక్కినప్పుడల్లా హమ్ వస్తుంది. సప్లైని బోర్డు రెండో చివరికి జరిపితే పోతుంది. స్విచింగ్ రకంవి తేలిక, ఎక్కువ కరెంటిస్తాయి, ఇప్పుడు కొత్తగా వస్తున్న మంచి సప్లైల్లో చాలావరకు ఇవే.

అమెరికా నుంచి అన్నయ్యతోనో బాబాయితోనో తెప్పించుకునేవాళ్ళు ఆర్డరు పెట్టేముందే ఒక లైను చదవాలి. స్విచింగ్ రకం మీద ఎక్కువగా `INPUT: 100-240V ~ 50/60Hz` అని ఉంటుంది, మన గోడ సాకెట్‌కి ప్లగ్ మారిస్తే సరి. ట్రాన్స్‌ఫార్మర్ రకం వాటిలో అక్కడ అమ్మేవి `120V` అనే ఉండొచ్చు. దాన్ని మన 230 వోల్టుల్లో పెడితే మొదటి రోజే పోతుంది, వారంటీ సముద్రం అవతల ఉంటుంది. స్టెప్-డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి నడపొచ్చు గానీ ఆ బరువూ, అదనంగా దాన్నుంచి వచ్చే హమ్మూ భరించాలి. సప్లై అడుగున వోల్టేజీ మార్చే స్విచ్ ఉన్నవీ దొరుకుతాయి. వాటిని ప్లగ్ పెట్టేముందు మార్చాలి, పెట్టాక కాదు.

ఆంప్‌కి మూడు పిన్నుల ప్లగ్ ఉంటే ఎర్త్ పిన్ను ఎట్టి పరిస్థితిలోనూ పీకొద్దు. హమ్ తగ్గించడానికి కొందరు సౌండువాళ్ళు ఈ చిట్కా చెప్తుంటారు. ఆంప్‌లో ఏదైనా లోపం వస్తే ఆ 230 వోల్టులు గిటార్ తీగల మీదికి వస్తాయి, ఎదురుగా మైకు ఎర్త్ అయి ఉంటుంది. సప్లైనీ ఆంప్‌నీ ఒకే జంక్షన్ బాక్సులోంచి, ఎర్త్ సరిగ్గా ఉన్న ఒకే సాకెట్ నుంచి తీసుకుంటే హమ్‌లో కొంత అక్కడే తగ్గుతుంది.

సెకండ్ హ్యాండ్‌లో సప్లై కొంటుంటే అమ్మేవాళ్ళింటికి మల్టీమీటర్, మీ డిలే, మీ డిస్టార్షన్ పట్టుకెళ్ళండి. మధ్య రంధ్రాల్లో బీప్ చూడండి. తర్వాత రెండు పెడళ్ళనీ రెండు అవుట్‌పుట్ల మీద పెట్టి, గెయిన్ పూర్తిగా తిప్పి వినండి. అమ్మేవాళ్ళ దగ్గర చైన్ కేబుల్ కూడా ఉంటే ఒకే అవుట్‌పుట్ మీద రెండింటినీ పెట్టి మళ్ళీ వినండి. రెండుసార్లూ ఒకేలా వినిపిస్తే మీ పెడళ్ళకి ఆ సప్లై అవసరం లేదు, ఉత్త చేతులతో తిరిగి రావచ్చు.